పెట్రికోర్: ఎండిన నేలపై వాన వాసనకు ఆ పేరు ఎవరు పెట్టారు? తరచుగా అడిగే ప్రశ్నలు

తొలకరి జల్లులు పడే రోజుల్లో ఏటా ఈ మాట ఒకరి నుంచి ఒకరికి చేరుతూ ఉంటుంది, దానితోపాటే అవే సందేహాలు మళ్లీ వస్తుంటాయి. ఇది గ్రీకుల నాటి పదమని కొందరు రాస్తారు, ఒక రసాయనం పేరని మరికొందరు రాస్తారు. ఈ రెండూ సరికావు. పదే పదే ఎదురయ్యే ప్రశ్నలను, అడిగేవారి మాటల్లోనే, ఇక్కడ ఒకచోట చేర్చాము. ఏ ప్రశ్ననైనా విడిగా చదువుకోవచ్చు.

## మాట గురించి

పెట్రికోర్ అంటే ఏమిటి? సులువుగా చెప్పండి.

చాలా రోజులు ఎండిన నేల మీద, రాళ్ల మీద చినుకులు పడగానే వచ్చే ప్రత్యేకమైన వాసనకు పెట్టిన పేరు పెట్రికోర్. మన వాడుకలో దానిని మట్టి వాసన అంటాము. ఈ పేరు పెట్టిన శాస్త్రవేత్తలు దీనిని ఏదో ఒక నిర్ణీత రసాయన పదార్థానికి పేరుగా ఉద్దేశించలేదు. నేలను బట్టి, రాతిని బట్టి కొంత మారుతూ ఉన్నా, ముక్కు ఇట్టే గుర్తుపట్టగలిగే మొత్తం వాసనకే దీనిని పేరుగా పెట్టారు.

ఇది ప్రాచీన గ్రీకు పదమేనా?

కాదు. రెండు ముక్కలూ గ్రీకువే కానీ వాటిని అతికించింది ఇరవయ్యో శతాబ్దపు ఆస్ట్రేలియాలో. మొదటి ముక్క రాయి అనే అర్థమున్న పెట్రా. రెండవది ఈకోర్, గ్రీకు పురాణాల్లో దేవతల నరాల్లో నెత్తురుకు బదులు ప్రవహించే ద్రవానికి ఆ పేరు. ఇలియడ్ అనే గ్రీకు కావ్యంలో డయోమిడీస్ అనే యోధుడి ఈటె తగిలినప్పుడు ఆఫ్రొడైటీ దేవత చేతి నుంచి కారినది ఈకోరే. పేరు పెట్టినవారు మాత్రం దేవతల ప్రస్తావన తేలేదు. రాతి నుంచి వెలువడే పలుచని సారం అనే భావంతోనే ఈకోర్‌ను తీసుకున్నారు. ‘ప్రాచీన గ్రీకులు వాన వాసనను పెట్రికోర్ అనేవారు’ అనే వాక్యం ఎక్కడైనా కనిపిస్తే దానికి ఆధారం లేదని తెలుసుకోవాలి.

పెట్రికోర్ అనాలా, పెట్రిచోర్ అనాలా?

పెట్రికోర్ అనాలి. ఇంగ్లీషు అక్షరక్రమాన్ని చూసి చాలామంది ‘చ’ పలుకుతున్నారు. అక్కడ ఉన్నది గ్రీకు అక్షరం ఖీ. కెమిస్ట్రీ, ఆర్కిటెక్ట్ వంటి మాటల్లో లాగే అది ‘క’గా పలుకుతుంది. చివర ‘కోర్’, ‘కార్’ అనే రెండు పలుకుబళ్లూ వినిపిస్తాయి, ఆ తేడా పట్టించుకోదగినది కాదు.

## పేరు పెట్టినవారు

ఈ పదాన్ని సృష్టించింది ఎవరు? ఎప్పుడు?

ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ గ్రెన్‌ఫెల్ థామస్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు. ఇద్దరూ మెల్‌బోర్న్‌లో, ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ అయిన సీఎస్‌ఐఆర్‌ఓలోని ఖనిజ రసాయన విభాగంలో పనిచేశారు. 1964 మార్చి 7 నాటి నేచర్ పత్రికలో వారి వ్యాసం వెలువడింది. బంకమన్ను వాసన స్వభావం గురించిన వ్యాసమని దాని శీర్షిక చెబుతుంది. కొత్త పేరు శీర్షికలో లేదు, వ్యాసం లోపల ప్రతిపాదనగా ఉంది. శీర్షికలో పెట్రికోర్ అనే మాట కోసం వెతికినవారికి ఆ వ్యాసం దొరకకపోవడానికి కారణం ఇదే.

కొన్నిచోట్ల 1964 అని, కొన్నిచోట్ల 1965 అని ఉంది. ఏది సరైనది?

పదం పుట్టిన సంవత్సరం 1964. అదే ఇద్దరు అదే పత్రికలో 1965లో మరో వ్యాసం ప్రచురించారు, దాని విషయం ఈ వాసననిచ్చే నూనెకూ మొక్కల పెరుగుదలకూ ఉన్న సంబంధం. పెట్రికోర్ అనే మాట శీర్షికలోకి ఎక్కింది అందులోనే కాబట్టి కొందరు ఆ సంవత్సరాన్నే పుట్టుకగా భావించారు. 1966లో ఈ వాసన ఎలా పుడుతుందన్న దానిపై వారిదే మూడవ వ్యాసం భూరసాయన శాస్త్ర పత్రికలో వచ్చింది.

బేర్ అంటే ఆయనా, ఆవిడా?

ఆవిడే. నేచర్ వ్యాసంలో రచయితల పేర్లు ఐ. జె. బేర్, ఆర్. జి. థామస్ అని పొడి అక్షరాలతో ఉండడంతో ఇద్దరూ మగవారని అనుకుని రాసినవారు ఉన్నారు. 1927లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో పుట్టిన ఇసబెల్ జాయ్ బేర్‌ను సహచరులు జాయ్ అనే పిలిచేవారు. ఘనస్థితి రసాయనశాస్త్రం, ఖనిజ రసాయనశాస్త్రం ఆమె రంగాలు. రాయల్ ఆస్ట్రేలియన్ కెమికల్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే లైటన్ పతకాన్ని 1988లో అందుకున్నారు, దానిని పొందిన తొలి మహిళ ఆమే. 2021లో మరణించారు. మట్టి వాసన ఆమె సుదీర్ఘ వృత్తి జీవితంలో ఒక చిన్న భాగం మాత్రమే. ఆమె పేరు రసాయనశాస్త్రం బయట నిలిచింది మాత్రం ఆ ఒక్క మాట వల్లనే.

వీరు బ్రిటిష్ శాస్త్రవేత్తలని చదివాను. మన సీఎస్‌ఐఆర్‌కు వీరితో సంబంధం ఉందా?

నేచర్ లండన్ నుంచి వెలువడే పత్రిక కావడం వల్ల మొదటి పొరపాటు వచ్చింది. పని జరిగింది మెల్‌బోర్న్‌లో, చేసింది ఆస్ట్రేలియా సంస్థ. రెండవ సందేహం పేర్ల పోలిక వల్ల వచ్చింది. సీఎస్‌ఐఆర్‌ఓ ఆస్ట్రేలియాది, సీఎస్‌ఐఆర్ భారతదేశానిది. ఈ పరిశోధనలో మన సీఎస్‌ఐఆర్ పాత్ర లేదు.

ఆ వాసనకు అప్పటికే శాస్త్రంలో పేరు ఉండేదట. మరి కొత్త పేరు ఎందుకు?

ఈ విషయం మొత్తానికి కీలకం ఇదే. అందమైన మాట కావాలని ఎవరూ పేరు పెట్టలేదు. ఉన్న పేరు తప్పుదారి పట్టిస్తున్నందువల్ల పెట్టారు. ఎండిన బంకమట్టి గడ్డ మీద నోటితో ఆవిరి ఊదినా, నీళ్లు చిలకరించినా ఒక వాసన వస్తుందని ఖనిజశాస్త్రజ్ఞులకు చాలాకాలంగా తెలుసు. పాఠ్యపుస్తకాలు దానిని బంకమన్ను వాసన అనేవి, ఖనిజాన్ని గుర్తించే లక్షణాల్లో ఒకటిగా చెప్పేవి. అంటే ఆ వాసన బంకమట్టి సొంత గుణమని అర్థం వచ్చేది.

బేర్, థామస్ పరీక్షించిన పదార్థాలు ఆ భావనకు ఒదగలేదు. బంకమన్ను లేని రాళ్లూ అదే వాసన ఇచ్చాయి. అంతగా వేరువేరు పదార్థాలు ఒకే వాసనను ఇస్తున్నప్పుడు, ఆ వాసనను ఒక్క బంకమన్నుకే అంటగట్టే పేరు నిలవదు. అందుకే బంకమన్నును వదిలేసి రాయిని తీసుకున్నారు. పేరు మార్పులోనే వారి ఫలితం ఇమిడి ఉంది: వాసన ఆ పదార్థం తనంతట తాను పుట్టించేది కాదు, దానిలో వచ్చి చేరినది. ఈ సంగతి చెప్పకుండా గ్రీకు దేవతల దగ్గరే ఆగిపోయే వ్యాసాలు అసలు విషయాన్ని వదిలేస్తున్నాయని నా అభిప్రాయం.

వీరికంటే ముందు ఈ వాసనను ఎవరూ పరిశోధించలేదా?

పరిశోధించారు. 1891లో ఫ్రాన్సులో మార్సెలిన్ బెర్తెలో, గుస్తావ్ ఆంద్రే మట్టికి సహజంగా ఉండే వాసనపై పని చేసి, అది కర్పూరాన్ని తలపించే ఒక కర్బన పదార్థం నుంచి వస్తుందని చెప్పారు. అదే సంవత్సరం థామస్ లాంబ్ ఫిప్సన్ ఇంగ్లండులోని ఒక రసాయన పత్రికలో, మొక్కల సుగంధ తైలాల వంటి పదార్థాలను ఎండకాలంలో నేల పీల్చుకుని, వానలో తిరిగి వదులుతుందని రాశారు. డెబ్బై ఏళ్ల తరువాత మెల్‌బోర్న్‌లో తేలిన దానికి ఈ ఊహ చాలా దగ్గరగా ఉంది. బేర్, థామస్ చేర్చినవి ప్రయోగాల వరుస, రాళ్లకూ వర్తించే వివరణ, ఒక పేరు. మట్టి వాసనను తొలిసారి గమనించిన ఘనతను వారికి ఇవ్వడం సరికాదు, వారు కూడా దానిని కోరలేదు.

## ప్రయోగశాలలో ఏం జరిగింది

రాతి నుంచి వాసనను ఎలా బయటకు తీశారు?

ఆవిరి స్వేదనం ద్వారా. ఆరుబయట వెచ్చని పొడి వాతావరణంలో చాలాకాలం ఉన్న రాళ్లను తీసుకుని, వాటి గుండా నీటి ఆవిరిని పంపించారు. రంధ్రాల్లో ఇరుక్కున్న తేలికపాటి కర్బన పదార్థాలు ఆవిరితో కలిసి బయటకు వస్తాయి. ఆ ఆవిరిని చల్లబరిస్తే నీరు, దానితోపాటు కొద్దిగా నూనె మిగులుతాయి. అలా వారికి పసుపు రంగు గల నూనె దొరికింది. వాన వాసన ఆ నూనెదే.

ఇక్కడ రాళ్లను ఎంచుకున్న తీరే ముఖ్యం. భూమి లోపలి నుంచి అప్పుడే తవ్వి తీసిన రాయికీ, ఏళ్ల తరబడి ఎండలో గాలికి పడి ఉన్న రాయికీ ఖనిజాల కూర్పు ఒకటే కావచ్చు. వాసనలో తేడాను తెచ్చేది ఆరుబయట గడిపిన కాలం. వాసన ఖనిజం సొంత గుణమైతే ఆ కాలంతో పని ఉండకూడదు. పైగా నూనె చేతికి దొరకడంతో, అప్పటివరకు ముక్కుకు మాత్రమే తెలిసినదానిని సీసాలో పెట్టి, భాగాలుగా విడదీసి పరీక్షించే వీలు కలిగింది.

రాతిలోకి నూనె ఎక్కడి నుంచి వస్తుంది? రాయి నూనెను తయారు చేస్తుందా?

రాయి తయారు చేయదు, పట్టి ఉంచుతుంది. మొక్కలు, కుళ్లే జీవపదార్థం వదిలే కర్బన పదార్థాలు ఎప్పుడూ గాలిలో ఉంటాయి. టెర్పీన్లు, కెరోటినాయిడ్లు, కొవ్వు పదార్థాల వంటివి అందులో ఉంటాయి. పొడిగా, వెచ్చగా ఉన్న రోజుల్లో నేలా రాళ్లూ తమ సూక్ష్మ రంధ్రాల్లోకి వాటిని పీల్చుకుంటాయి. అక్కడ గాలి, వేడి, ఖనిజాల ఉపరితలం కలిసి వాటిని నెమ్మదిగా మారుస్తాయి. కనుక చివరకు వెలువడే వాసన ఏ ఒక్క పువ్వుదీ, ఆకుదీ అయి ఉండదు.

తేమ లేకపోవడం ఇందులో అవసరమైన షరతు. రంధ్రాల్లో నీరుంటే ఈ పదార్థాలకు చోటు దొరకదు. పొడి ప్రాంతాల్లోనే, సుదీర్ఘమైన ఎండల తరువాత పడే తొలి వానకే ఈ వాసన ఎక్కువగా ఉంటుందని బేర్, థామస్ గుర్తించడానికి కారణం ఇదే. కరువులో ఉన్న పశువులు ఈ వాన వాసనకు స్థిమితం కోల్పోయినట్లు ప్రవర్తిస్తాయనడానికి కొన్ని ఆధారాలున్నాయని కూడా వారు పేర్కొన్నారు.

అన్ని నేలలూ ఒకేలా వాసన ఇస్తాయా?

ఇవ్వవు. సిలికా గానీ, లోహ సిలికేట్లు గానీ ఎక్కువగా ఉన్న పదార్థాలు ఈ వాసనను ఇవ్వడంలో ముందున్నాయని 1964 వ్యాసం చెబుతుంది. ఇనుప ఆక్సైడ్ అధికంగా ఉన్న పదార్థాలను కాల్చినప్పుడు, వాటిలో సిలికా ఉన్నా లేకున్నా, ఆ వాసన లభించిందని కూడా వారు నమోదు చేశారు. తెలంగాణ, రాయలసీమల్లోని ఎర్రనేలలకు ఆ రంగు ఇనుప ఆక్సైడ్ వల్లనే వచ్చింది కాబట్టి, ఈ వివరం మన పాఠకులకు ఆసక్తి కలిగిస్తుంది. అయితే ఎర్రనేల వాసన నల్లరేగడి వాసన కంటే గొప్పదని దీని నుంచి తేల్చడానికి వీలులేదు. నేల గుల్లదనం, దాని మీద పెరిగే మొక్కలు, ఎన్నాళ్లు ఎండింది అనేవి కూడా లెక్కలోకి వస్తాయి.

ఈ నూనె మొక్కలకు మేలు చేస్తుందా?

వారి 1965 వ్యాసం ఫలితం దానికి విరుద్ధంగా ఉంది. ఈ నూనె విత్తనాలు మొలకెత్తడాన్నీ, లేత మొక్కల తొలి ఎదుగుదలనూ నెమ్మదింపజేస్తుందని వారు చూశారు. ఎండిన నేలలో విత్తనం తొందరపడి మొలకెత్తకుండా ఇది అడ్డుపడుతుందనీ, గట్టి వాన నూనెను కడిగేశాకే మొలకకు దారి ఏర్పడుతుందనీ దీనికి ఒక వివరణ చెబుతారు. ఆ వివరణ ఊహ స్థాయిలోనిదే. మొలకను నెమ్మదింపజేయడం మాత్రం ప్రయోగంలో చూసిన సంగతి. మట్టి వాసన బలంగా వస్తే పంట బాగా పండుతుందని దీని ఆధారంగా చెప్పడానికి అవకాశం లేదు.

## వాన పడే వేళ

వాన మొదలు కాకముందే వాసన ఎలా తెలుస్తుంది?

దీనికి మూడు కారణాలు ఉండవచ్చు. మొదటిది గాలిలో తేమ. వానకు ముందు తేమ పెరిగినప్పుడు అది నేల రంధ్రాల్లోకి చేరుతుంది, ఆ కాస్త నీరే నూనెలో కొంత భాగాన్ని బయటకు నెట్టడానికి సరిపోతుంది. రెండవది దూరంలో అప్పటికే పడుతున్న వాన. అక్కడి వాసనను గాలి మన వైపు తెస్తుంది. మూడవది ఓజోన్. మెరుపు గాలిలోని ఆక్సిజన్ అణువులను విడగొట్టినప్పుడు ఓజోన్ తయారవుతుంది, ఉరుముల మేఘం నుంచి కిందికి దిగే గాలి దానిని నేల వరకు తేగలదు. ఓజోన్ వాసన ఘాటుగా ఉంటుంది, మట్టి కమ్మదనం దానిలో ఉండదు. ముక్కుకు చురుక్కుమనేలా ఉంటే అది ఓజోన్ అనుకోవచ్చు, దానిని పెట్రికోర్‌గా లెక్కించకూడదు.

జూన్‌లో తొలి జల్లుకు గుప్పుమనే వాసన ఆగస్టులో ఎందుకు రాదు?

ఒక ఉదాహరణ తీసుకుందాం. దక్కను పీఠభూమిలోని ఒక మెట్ట చేను మార్చి నుంచి మే వరకు ఎండింది, అన్నాళ్లూ పైమట్టి గాలిలోని పదార్థాలను పట్టి ఉంచింది. జూన్‌లో ఒక సాయంత్రం చిన్న జల్లు పడింది. పోగుపడిన నూనెలో చాలా భాగం అప్పుడే వెలువడింది, వాసన బలంగా వచ్చింది. మరునాడు మళ్లీ జల్లు పడితే పైమట్టిలో మిగిలినది తక్కువ కనుక వాసన పలుచబడుతుంది. ఆ తరువాత కొన్ని వారాలు వాన ముఖం చాటేస్తే మట్టి మళ్లీ ఎండుతుంది, మళ్లీ పోగుచేసుకుంటుంది. అయితే ఆ వ్యవధి మూడు నెలల వేసవి అంత లేదు కాబట్టి తొలకరి నాటి బలం రాదు. ఆగస్టులో చేను ఎప్పుడూ తడిగానే ఉంటే పోగుపడే అవకాశమే లేదు.

నిల్వ ఒక్కటే కాదు, వాసన గాలిలోకి లేచే దారి కూడా మారుతుంది. పొడి మట్టి రంధ్రాల్లో గాలి ఉంటుంది, చినుకు తగిలినప్పుడు ఆ గాలే వాసనను పైకి మోస్తుంది. నీటితో నిండిన మట్టిలో ఆ గాలికి చోటు లేదు. అందువల్ల ముసురు పట్టిన రోజుల్లో నేల పచ్చి వాసన ఇవ్వవచ్చు గానీ, తొలి జల్లు నాటి గుప్పుమనే వాసన ఇవ్వదు.

చినుకు పడగానే వాసన గాలిలోకి ఎలా లేస్తుంది?

ఈ ప్రశ్నకు జవాబు బేర్, థామస్‌లకు కాదు, అమెరికాలోని ఎమ్‌ఐటీకి చెందిన కల్లెన్ బుయీ, యంగ్‌సూ జంగ్‌లకు దక్కింది. 2015లో ప్రచురించిన పరిశోధనలో వారు అతివేగంగా చిత్రించే కెమెరాలతో చినుకు నేలను తాకే క్షణాన్ని గమనించారు. గుల్లగా ఉన్న ఉపరితలాన్ని చినుకు తాకినప్పుడు దాని అడుగున చిన్న చిన్న గాలి బుడగలు చిక్కుకుంటాయి. అవి గోలీసోడాలోని బుడగల్లా చినుకు గుండా పైకి లేచి చిట్లుతాయి, చిట్లినప్పుడు కంటికి కనిపించనంత సన్నని తుంపరలు గాలిలోకి ఎగురుతాయి. నేలలోని వాసన పదార్థాలు ఆ తుంపరలతో ప్రయాణిస్తాయి.

చిరుజల్లు, ఒక మోస్తరు వాన ఈ తుంపరలను ఎక్కువగా పుట్టిస్తాయి. కుండపోత వానలో చినుకు వేగం ఎక్కువై బుడగలు ఏర్పడే వ్యవధి ఉండదు. జోరువానకు వాసన తక్కువగా ఉందని అనుకునేవారి అనుభవానికి ఇది ఒక కారణం.

## జియోస్మిన్‌తో తికమక

పెట్రికోర్, జియోస్మిన్ ఒకటేనా?

ఒకటి కావు. జియోస్మిన్ ఒక నిర్దిష్టమైన రసాయన పదార్థం, దాని ఫార్ములా C12H22O. మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ వంటి సూక్ష్మజీవులు దానిని తయారు చేస్తాయి. పెట్రికోర్ మొత్తం వాసనకు పేరు. వాన పడినప్పుడు మనకు తెలిసే వాసనలో రాతి నూనెతోపాటు జియోస్మిన్ కూడా బలమైన భాగమే కాబట్టి ఇప్పటి వివరణల్లో రెండింటినీ కలిపి చెబుతారు, ఆ వరకు తప్పులేదు. ‘పెట్రికోర్ అనే రసాయనాన్ని బ్యాక్టీరియా తయారు చేస్తుంది’ అని రాస్తేనే తప్పు.

వాస్తవంలో వాటిని వేరు చేసే ఒక తేలిక గుర్తు ఉంది. తడిసిన కుండీ మట్టిని, పొలంలో అప్పుడే దున్నిన మట్టిని వాసన చూస్తే వచ్చేది ప్రధానంగా జియోస్మిన్. దానికి వాన అక్కరలేదు, ఎండలు అక్కరలేదు. మొక్క కూడా లేని బండరాయి మీద తొలి చినుకులకు వచ్చే వాసనలో రాతి నూనె వాటా ఎక్కువ.

జియోస్మిన్ పేరు కూడా ఈ ఇద్దరే పెట్టారా?

కాదు. అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయానికి చెందిన నాన్సీ గెర్బర్, హ్యూబర్ట్ లషెవాలియే 1965లో దానిని సూక్ష్మజీవుల నుంచి వేరు చేసి, గ్రీకులో భూమి, వాసన అనే అర్థాలున్న ముక్కలతో ఆ పేరు పెట్టారు. ఏడాది వ్యవధిలో ఒకే విషయం చుట్టూ రెండు గ్రీకు పేర్లు రావడం వల్లనే, ఒక పేరు పెట్టినవారిని మరొకదానికి ఆపాదించడం జరుగుతోంది.

కుళాయి నీళ్లలో, చెరువు చేపలో వచ్చే మట్టి వాసన కూడా పెట్రికోరేనా?

కాదు, అది ఎక్కువగా జియోస్మిన్. చెరువుల్లో, జలాశయాల్లో పెరిగే నీలి ఆకుపచ్చ నాచు కూడా దానిని తయారు చేస్తుంది, అది చేప కండలోకి చేరుతుంది. లీటరు నీటిలో కొన్ని నానోగ్రాములు ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది. పులుపు తగిలితే జియోస్మిన్ విచ్ఛిన్నమై వాసన లేని పదార్థంగా మారుతుంది. చేపను నిమ్మరసంతో కడగడం, చింతపండు పులుసులో వండడం మట్టి వాసనను తగ్గించడానికి ఇది ఒక కారణం. బీట్‌రూట్‌లోని మట్టి వాసన కూడా జియోస్మిన్‌దే.

## కన్నౌజ్ మట్టి అత్తరు

ఈ వాసనను భారతీయులు ఎప్పుడో సీసాలో పెట్టారంటారు. నిజమేనా?

నిజమే. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్ పట్టణంలో మట్టి అత్తరు తయారీ వృత్తిగా నడుస్తోంది. బేర్, థామస్ తమ వ్యాసంలో ఈ పరిశ్రమను ప్రస్తావించారు. ఎండిన మట్టి నుంచి వాసనను గంధపు నూనెలోకి పట్టే పద్ధతి ఉత్తరప్రదేశ్‌లో ఉందని, దానికి మట్టి అత్తరు అని పేరని చెప్పారు.

ఆ అత్తరును ఎలా తయారు చేస్తారు?

బంకమట్టిని బిళ్లలుగా చేసి ఎండబెట్టి కొద్దిగా కాలుస్తారు. ఆ బిళ్లలను నీటితోపాటు దేగ్ అనే రాగి పాత్రలో వేసి, మూతను తడి మట్టితో బిగించి, కింద కట్టెలతోనో పిడకలతోనో మంట పెడతారు. దేగ్ నుంచి ఒక వెదురు గొట్టం భప్కా అనే మరో రాగి పాత్రలోకి వెళ్తుంది. భప్కాలో ముందే గంధపు నూనె పోసి, దానిని నీటి తొట్టిలో దించి ఉంచుతారు. ఆవిరి భప్కాలో చల్లబడినప్పుడు వాసన నూనెలో కలుస్తుంది. తరువాత నూనె కింద చేరిన నీటిని తీసేసి, అదే నూనె మీద కొత్త మట్టి ఆవిరిని మళ్లీ పంపుతారు. వాసన తగినంత ఎక్కేవరకు రోజుల తరబడి ఈ పని సాగుతుంది.

చెడిపోయే చోటు మంటే. మంట పెరిగితే మాడు వాసన వస్తుంది. భప్కా వేడెక్కితే ఆవిరి చల్లబడక వాసన నూనెలో నిలవదు. పనివారు పాత్రను చేతితో తాకి వేడిని అంచనా వేసి, తొట్టిలో చల్లని నీళ్లు మారుస్తారు. ఇప్పుడు గంధపు నూనె ధర వల్ల చౌక రకాల్లో పారఫిన్ నూనె వాడడం ఉంది. మట్టి వాసన తగ్గాక కింద గంధం నిలిచి ఉంటే అసలు ఆధారం ఉన్నట్లు, ఏమీ మిగలకపోతే లేనట్లు అని కొనేవారు ఒక అంచనాకు రావచ్చు.

అలాగైతే మన ఘనతను ఆస్ట్రేలియావారు తమ పేరున రాసుకున్నారని అనవచ్చా?

అనలేము. అత్తరు తయారీదారులు వాసనను పట్టే విద్యను కనిపెట్టారు, ఆ ఘనత వారిదే. ఆ వాసన నేలలోకి ఎక్కడి నుంచి వచ్చింది, రాళ్లకు కూడా ఎందుకు ఉంది అన్నది వేరే ప్రశ్న. మెల్‌బోర్న్‌లో వెతికింది దాని జవాబును. పైగా, ఆ వ్యాసం మట్టి అత్తరు పనిని దాచలేదు, అచ్చులోనే పేర్కొన్నది.

‘గంధవతీ పృథివీ’ అని మన శాస్త్రాలు ముందే చెప్పాయి కదా?

అన్నంభట్టు రాసిన తర్కశాస్త్ర గ్రంథం తర్కసంగ్రహంలో ఆ నిర్వచనం ఉంది. అక్కడ పృథివిని నీరు, తేజస్సు, వాయువుల నుంచి వేరు చేసే లక్షణంగా గంధాన్ని చెప్పారు. ఏ వాసన అయినా పృథివీ ద్రవ్యానిదే అనడం ఆ వాదం ఉద్దేశం. పువ్వు వాసనకూ అదే వర్తిస్తుంది. వాన పడినప్పుడు వచ్చే వాసన గురించిన వివరణ కాదు అది.

## వాడుక

తెలుగులో రాసేటప్పుడు పెట్రికోర్ అనే రాయాలా?

మట్టి వాసన, తొలకరి వాసన అనే మాటలు మామూలు రచనకు పూర్తిగా సరిపోతాయి, చదివేవారికి వెంటనే తెలుస్తాయి. 1964 వ్యాసం, రాతి నూనె, జియోస్మిన్‌తో తేడా వంటి విషయాలను చర్చించే చోట మాత్రం పెట్రికోర్ అనే రాయడం మంచిది. ఎందుకంటే మట్టి వాసన అన్నప్పుడు కుండీ మట్టి, చెరువు చేప, దుక్కి వాసన అన్నీ అందులో చేరిపోతాయి, బేర్, థామస్ వేరు చేసి చూపిన రాతి వాసన కనిపించకుండా పోతుంది. ఇళ్లు కడిగిన నీళ్ల వాసనకు, తడిసిన గడ్డి వాసనకు, వాన నిలిచి పాచిపట్టిన గోడల వాసనకు ఈ మాటను వాడడం సరికాదు.